612 మంది నింపిన ఫామ్ శాంపిల్ ఎందుకు కాదు? ఒక నియోజకవర్గంలో ఓటర్లను ఎంచుకునే పద్ధతి

ప్రశ్న: ఎం.ఏ. పొలిటికల్ సైన్స్ ఫైనలియర్ చదువుతున్నాను. మా అసెంబ్లీ నియోజకవర్గంలో ఓటర్లు ఏం చూసి ఓటేస్తున్నారు, పథకాలా, కులమా, అభ్యర్థా అన్నది నా ప్రాజెక్టు. గూగుల్ ఫామ్ చేసి వాట్సాప్ గ్రూపుల్లో పెడితే 5 రోజుల్లో 612 మంది నింపారు. మా గైడ్ సార్ "ఇది శాంపిల్ కాదు" అంటున్నారు. 612 సరిపోదా? అయితే ఎంతమందిని, ఎలా ఎంచుకోవాలి? మేం నలుగురం, ఇద్దరు అమ్మాయిలు, ఇద్దరు అబ్బాయిలు. రెండు నెలల టైముంది. డబ్బు పెద్దగా లేదు.

సమాధానం:

మీ గైడ్ చెప్పింది నిజం. అంకె చిన్నదని కాదు. ఆ 612 మందిని మీరు ఎంచుకోలేదు, వాళ్ళంతట వాళ్ళే వచ్చారు. ఫామ్‌ను పక్కన పెట్టండి. ఓటర్ల జాబితా ముందు పెట్టుకుని 30 పోలింగ్ కేంద్రాలు, ఒక్కో కేంద్రంలో 15 పేర్లు, మొత్తం 450 పేర్లు లాటరీ పద్ధతిలో తీయండి. ఆ 450 మందిని పేరు పేరునా వెతుక్కుంటూ వెళ్ళండి. చివరికి 300 మందితో మాట్లాడగలిగినా మీ ప్రాజెక్టు నిలబడుతుంది. ఒక్కటే షరతు: దొరకని మనిషి బదులు పక్కింటి మనిషిని అడగకూడదు.

నేను పదహారేళ్ళుగా ఎన్నికల సర్వేల్లో పనిచేస్తున్నాను. మొదట ఇంటింటికీ తిరిగి ఫారాలు నింపాను, తర్వాత ఫీల్డ్ సూపర్‌వైజర్‌గా చేశాను, ఇప్పుడు శాంపిల్ తీసే పని చూస్తున్నాను. ప్రశ్నపత్రం బాగాలేక పాడైన సర్వేల కంటే, గడప దగ్గర ఎవరిని అడగాలన్నది ఇన్వెస్టిగేటర్ ఇష్టానికి వదిలేసి పాడైనవే ఎక్కువ చూశాను. అందుకే ఆ విషయమే ఎక్కువ రాస్తున్నాను.

ముందు మీ 612 సంగతి

మీ ఫామ్ ఎవరి చేతికి చేరిందో ఒకసారి ఆలోచించండి. మీ క్లాస్‌మేట్లు, వాళ్ళ బంధువుల గ్రూపులు, ఊరి యువజన సంఘం గ్రూపు, బహుశా ఏదో పార్టీ కార్యకర్తల గ్రూపు. స్మార్ట్‌ఫోన్ లేనివాళ్ళు మొదటి మెట్టులోనే పోయారు. ఫోనుండి, లింకు చూసిన వాళ్ళలో కూడా రాజకీయాలంటే ఆసక్తి ఉన్నవాళ్ళే 5 నిమిషాలు కూర్చుని నింపుతారు. ఇక్కడ రెండు జల్లెడలున్నాయి: ఎవరికి చేరింది, చేరినవాళ్ళలో ఎవరు నింపారు. రెండో జల్లెడ కంటికి కనబడదు కాబట్టి ఎక్కువ మోసం చేస్తుంది.

1936 అమెరికా అధ్యక్ష ఎన్నికల్లో జరిగింది ఇదే. లిటరరీ డైజెస్ట్ అనే పత్రిక దాదాపు కోటిమందికి పోస్టుకార్డులు పంపితే 20 లక్షలకు పైగా తిరిగొచ్చాయి. వాటిని లెక్కేసి లాండన్ గెలుస్తాడని రాసింది. రూజ్‌వెల్ట్ 48 రాష్ట్రాల్లో 46 గెలిచాడు. పేర్లు తీసుకున్నది ఎక్కువగా టెలిఫోన్ డైరెక్టరీల నుంచి, కార్ల రిజిస్ట్రేషన్ల నుంచి. మాంద్యం రోజుల్లో ఫోనూ కారూ ఉన్నవాళ్ళు ఓటర్లలో ఒక ముక్క మాత్రమే. దానికి తోడు, కార్డు అందుకున్న నలుగురైదుగురిలో ఒక్కరే తిరిగి పంపారు. తప్పుడు ద్వారం గుండా వచ్చినప్పుడు 20 లక్షలైనా ఆదుకోలేదు.

"వయసు, ఆడ మగ ప్రకారం వెయిట్ వేస్తే సరిపోదా?" అని మీరు అడగొచ్చు. మీ 612లో అరవై దాటిన ఆడవాళ్ళు ఎంతమంది ఉన్నారో ఇప్పుడే లెక్కపెట్టండి. ఆరుగురున్నారే అనుకుందాం. ఆ ఆరుగురి మాటను ఎన్నో రెట్లు పెంచి వేలాదిమంది ముసలమ్మల మాటగా రాయాల్సి వస్తుంది. గూగుల్ ఫామ్ సొంతంగా నింపే అరవయ్యేళ్ళ రిటైర్డ్ టీచరమ్మ, నెలనెలా పింఛను కోసం ఎదురుచూసే అరవయ్యేళ్ళ కూలి అమ్మ ఒకేలా ఆలోచిస్తారని మీరూ అనుకోరు. పథకాల గురించి అడిగే సర్వేలో ఆ తేడానే అసలు విషయం.

జాబితా ఎక్కడుంది, అందులో ఏముంది

రాష్ట్ర ముఖ్య ఎన్నికల అధికారి వెబ్‌సైట్‌లో ప్రతి నియోజకవర్గానికీ భాగాల వారీగా ఓటర్ల జాబితా పీడీఎఫ్‌లు దొరుకుతాయి. ఒక భాగం అంటే ఒక పోలింగ్ కేంద్రం. వరుస సంఖ్య, పేరు, తండ్రి లేదా భర్త పేరు, ఇంటి నంబరు, వయసు, లింగం ఉంటాయి. కులం, మతం ఉండవు. చివర మొత్తం ఓటర్లు ఎందరో, అందులో ఆడ మగ ఎందరో లెక్క ఉంటుంది. శాంపిల్ తీయడానికి ముందు మీక్కావలసింది ఆ లెక్క ఒక్కటే. జాబితా ప్రచురించిన తేదీని నోట్ చేసుకోండి, థీసిస్‌లో రాయాలి.

ఈ జాబితాలో లోపాలు లేకపోలేదు. చనిపోయినవాళ్ళ పేర్లుంటాయి, పెళ్ళై వెళ్ళిన అమ్మాయిల పేర్లుంటాయి, 18 నిండినా నమోదు చేసుకోని పిల్లల పేర్లుండవు. కాబట్టి మీ ఫలితం "నియోజకవర్గ ప్రజలు" గురించి కాదు, "ఫలానా తేదీ జాబితాలో ఉన్న ఓటర్లు" గురించి. ఆ మాట మొదటి పేజీలోనే స్పష్టంగా రాయండి. అయినా ఒక విద్యార్థికి పైసా ఖర్చు లేకుండా దొరికే జాబితాల్లో ఇంతకన్నా నిండైనది లేదు.

పేర్లు తీసే పద్ధతి, అంకెలతో

మీ నియోజకవర్గంలో 2,34,000 మంది ఓటర్లు, 270 పోలింగ్ కేంద్రాలు ఉన్నాయనుకుందాం. భాగాల నంబర్లు మామూలుగా ఊరి పక్క ఊరుగా, మండలం వెంట మండలంగా నడుస్తాయి. ఆ వరుసను మార్చకండి. దానివల్లే అన్ని మండలాలకూ వాటి జనాభాకు తగ్గ చోటు వస్తుంది.

ఒక ఎక్సెల్ షీట్‌లో భాగం నంబరు, ఓటర్ల సంఖ్య, పక్కన కూడుతూ పోయిన మొత్తం రాయండి. 30 కేంద్రాలు కావాలి కాబట్టి 2,34,000ను 30తో భాగిస్తే 7,800. ఇది మీ అడుగు. ఇప్పుడు 1 నుంచి 7,800 లోపు ఒక అంకె యాదృచ్ఛికంగా తీయండి:

```
=RANDBETWEEN(1,7800)
```

3,146 వచ్చిందనుకుందాం. ఆ అంకెను వెంటనే కాగితం మీద రాసి, తేదీ వేసి, గైడ్ సంతకం తీసుకోండి. షీట్ మళ్ళీ తెరిస్తే ఎక్సెల్ అంకె మార్చేస్తుంది. పైగా, మొదటిసారి వచ్చిన ఊళ్ళు దూరంగా ఉన్నాయని రెండోసారి తీసే ఆశ మనిషికి కలుగుతుంది. ఒక్కసారే తీయాలి.

మొదటి భాగంలో 912, రెండోదానిలో 1,104, మూడోదానిలో 786, నాలుగోదానిలో 1,038 మంది ఉన్నారనుకోండి. కూడుతూ పోతే 912, 2,016, 2,802, 3,840. మన 3,146 నాలుగో భాగంలో పడింది. అది మీ మొదటి కేంద్రం. తర్వాత 3,146కు 7,800 కలిపితే 10,946. అది ఎక్కడ పడితే అది రెండో కేంద్రం. ఇలా 30 సార్లు.

ఇప్పుడు నాలుగో భాగంలో 15 పేర్లు. 1,038ని 15తో భాగిస్తే 69 చిల్లర. అడుగు 69. 1 నుంచి 69 లోపు మళ్ళీ ఒక అంకె, 41 వచ్చిందనుకుందాం. 41, 110, 179 అని పోతే పదిహేనోది 1,007. ఆ వరుస సంఖ్యల ఎదురుగా ఉన్న పేర్లే మీ మనుషులు. జాబితా ఇంటి నంబర్ల వరుసలో ఉంటుంది కాబట్టి ఒకే ఇంట్లో ఇద్దరు పడరు, ఊరి ఈ చివర నుంచి ఆ చివర దాకా అన్ని వాడలూ తగులుతాయి. తొలగించినట్టు ముద్ర ఉన్న పేరు మీద పడితే దాని కింది పేరు తీసుకోకండి, "తొలగించిన పేరు" అని రాసి వదిలేయండి.

పెద్ద కేంద్రానికి ఎంపికయ్యే అవకాశం ఎక్కువ, కానీ అందులో ఒక్కో మనిషికి తక్కువ. చిన్న కేంద్రానికి అటుది ఇటు. రెండూ గుణిస్తే కేంద్రం సైజు కొట్టుకుపోయి, నియోజకవర్గంలో ప్రతి ఓటరుకూ ఒకటే అవకాశం మిగులుతుంది: 2,34,000లో 450, అంటే 520 మందిలో ఒకరు. అందుకే ప్రతి కేంద్రంలోనూ సమానంగా 15 తీయాలి. "పెద్ద ఊరు కదా, 25 తీద్దాం" అంటే లెక్క చెడుతుంది.

మన దేశంలో లోక్‌నీతి-సీఎస్‌డీఎస్ వాళ్ళ ఎన్నికల అధ్యయనాలు కూడా ఇలాగే నడుస్తాయి: నియోజకవర్గాలు, వాటిలో పోలింగ్ కేంద్రాలు, వాటి జాబితాల్లోంచి పేర్లు. మీరు చేస్తున్నది దాని చివరి రెండు మెట్లు.

300 అంటే నిజంగా 300 కాదు

పుస్తకాల్లో 5 శాతం తేడాకు 384 మంది కావాలని చదివే ఉంటారు. ఆ లెక్క మొత్తం నియోజకవర్గంలోంచి ఒక్కొక్కరిని విడివిడిగా తీసినప్పటిది. మనం కేంద్రాల వారీగా గుంపులుగా తీస్తున్నాం. పల్లెల్లో ఒక కేంద్రం అంటే ఒకటి రెండు వాడలు. ఒకే వాడవాళ్ళ కులం, నీళ్ళ కష్టం, స్థానిక నాయకుడు చాలావరకు ఒకటే కాబట్టి జవాబులూ ఒకదానికొకటి దగ్గరగా ఉంటాయి. పదో మనిషి చెప్పేదాంట్లో కొత్త సంగతి తక్కువ.

ఆ పోలికను సున్నా నుంచి ఒకటి దాకా కొలిస్తే 0.05 ఉందనుకుని, కేంద్రానికి సగటున 10 ఇంటర్వ్యూలు పూర్తయితే లెక్క ఇలా వస్తుంది:

```
1 + (10 - 1) × 0.05 = 1.45
300 / 1.45 ≈ 207
```

అంటే పదిమంది చెప్పింది ఏడుగురు చెప్పినంత. మీ 300 మంది సుమారు 207 మందితో సమానం, తేడా అటూ ఇటూ 7 శాతం దాకా ఉంటుంది. ఓటు ఎవరికి వేశారన్న ప్రశ్నకైతే వాడల్లో పోలిక ఇంకా ఎక్కువ ఉండొచ్చు. కాబట్టి "పథకాలు 43 శాతం, అభ్యర్థి 40 శాతం, కనుక పథకాలే ముందు" అని రాయకండి. 55కీ 30కీ మధ్య తేడా అయితే ధైర్యంగా రాయొచ్చు. తిరిగే ఖర్చు భరించగలిగితే 30 కేంద్రాల్లో 15కు బదులు 45 కేంద్రాల్లో 10 పేర్లు తీయండి. పేర్లు అవే 450, తెలిసేది ఎక్కువ.

గడప దగ్గర జరిగే ఎంపిక

ఇక్కడిదాకా టేబుల్ మీద పని, ఒక్క రోజులో అయిపోతుంది. పక్షపాతం దూరేది దీని తర్వాతే.

చాలా ఏళ్ళ క్రితం ఒక సర్వేలో నేను సూపర్‌వైజర్‌ని. ఒక కుర్రాడు పొద్దున ఎనిమిదికి ఊళ్ళో దిగి, ఒంటిగంటకల్లా 20 ఫారాలు నింపి తెచ్చాడు. చురుకైన పిల్లాడు, చేతిరాత ముత్యాల్లా ఉంది. ఫారాలు తిరగేస్తే ఆడవాళ్ళు నలుగురే. వయసులన్నీ 30కీ 50కీ మధ్య. ఇంటి నంబర్లు చూస్తే అన్నీ మెయిన్ రోడ్డు మీదివీ, బస్టాండు దగ్గర టీకొట్టు చుట్టుపక్కలవీ. జాబితాలో ఎస్సీ కాలనీ ఇళ్ళ నంబర్ల వరుస వేరుగా కనబడుతోంది, అక్కడి నుంచి ఒక్క ఫారం లేదు. అడిగితే దాచకుండా చెప్పాడు: "సార్, ముగ్గురు కూలికి పోయారన్నారు, పక్కనున్నవాళ్ళు మేం చెప్తాం రమ్మన్నారు." మరునాడు సాయంత్రం నేనూ తనూ వెళ్ళి కాలనీలో పేరున్న ఆ ముగ్గురినీ కలిశాం. రేషన్ షాపు గురించి మెయిన్ రోడ్డు వాళ్ళు "ఏ ఇబ్బందీ లేదు" అన్నారు. కాలనీలో ముగ్గురూ నెలలో రెండు రోజులే తెరుస్తారనీ, ఆ రెండు రోజులు కూలి పోగొట్టుకుని నిలబడాలనీ చెప్పారు. ఆ కుర్రాడు ఒక్క జవాబు కూడా తప్పు రాయలేదు, మనుషుల్ని మాత్రమే మార్చాడు.

పగటిపూట ఇంట్లో ఉన్నవాళ్ళు, పిలవగానే కూర్చునేవాళ్ళు, మాట్లాడటం ఇష్టమైనవాళ్ళు ఒక రకం జనం. పక్కింటివాళ్ళను అడిగిన ప్రతిసారీ మీ శాంపిల్ ఆ రకం వైపు ఒరుగుతుంది. 450 పేర్లు లాటరీ తీసిన కష్టమంతా అక్కడ వృథా అవుతుంది.

అందుకని వేళలు ముందే చూసుకోండి. కూలిపనులున్న ఊళ్ళలో ఎనిమిది దాటితే ఇళ్ళల్లో ముసలివాళ్ళే ఉంటారు. పొద్దున ఆరున్నర నుంచి ఎనిమిది, సాయంత్రం ఆరు నుంచి ఎనిమిదిన్నర మంచి సమయం. ఒక్కో పేరు కోసం మూడుసార్లు వెళ్ళాలి, మూడూ ఒకే వేళలో కాకుండా. అందులో ఒకటి ఆదివారం అయితే ఉద్యోగస్తులు దొరుకుతారు. ఇద్దరిద్దరుగా రెండు జట్లు, ఒక్కో జట్టుకు 15 కేంద్రాలు, కేంద్రానికి రెండు రోజుల లెక్కన మీకు నెల పడుతుంది. ప్రతి జట్టులో ఒక అమ్మాయి ఉండాలి.

ఎందుకంటే మగవాళ్ళు వెళ్ళి ఆడవాళ్ళను అడిగితే "నాకేం తెల్సు, ఆయన్నడగండి" అని లోపలికి పోతారు, లేదా భర్త పక్కన నిలబడి తనే జవాబిస్తాడు. అమ్మాయి వెళ్ళి వంటింటి గుమ్మం దగ్గరో, వాకిట్లో బియ్యం ఏరుతున్నప్పుడో కూర్చుని అడిగితే ఆవిడే మాట్లాడుతుంది. ఆ సమయంలో మీ రెండో మనిషి భర్తను పలకరిస్తూ అరుగు మీద కూర్చోవాలి. ఫారంలో ఒక గడి పెట్టండి: "జవాబు చెప్పేటప్పుడు ఇంకెవరైనా ఉన్నారా?" తర్వాత అక్కరకొస్తుంది.

ఇల్లు వెతకడానికి ఇంటి నంబరు ఒక్కటే చాలదు, పల్లెల్లో నంబర్లు వరుసలో ఉండవు. తండ్రి పేరు, భర్త పేరు చెప్పి అడిగితే చిన్నపిల్లలు కూడా చూపిస్తారు. అయితే ఒక్కో పేరు విడిగా అడగండి, జాబితా మొత్తం ఎవరి చేతికీ ఇవ్వకండి. ఊళ్ళోకి వెళ్ళగానే ఎవరో ఒక నాయకుడు "రండి, నేను చూపిస్తా" అని వస్తాడు. ఆయన వెంట వెళ్తే ఆయనకు నచ్చినవాళ్ళ ఇళ్ళే దగ్గరౌతాయి, మిగతావాళ్ళు "ఊళ్ళో లేరు" అయిపోతారు. దారి మాత్రం అడిగి, నమస్కారం పెట్టి వచ్చేయండి. కేంద్రం వారీగా ఓటర్ల జాబితా చూసే బీఎల్ఓకి ఇళ్ళన్నీ తెలుసు, చాలాచోట్ల అంగన్‌వాడీ టీచరే ఆ పని చేస్తారు. ఆవిడను దారి అడగొచ్చు, కానీ ఇంటిదాకా తీసుకెళ్ళొద్దు. ప్రభుత్వ మనిషి పక్కనుంటే జనానికి వచ్చే మొదటి అనుమానం "పింఛను తీసేయడానికి వచ్చారా?" అని. ఆ తర్వాత పథకాల మీద ఎవరూ ఉన్నమాట చెప్పరు.

వలస వెళ్ళినవాళ్ళను వదలకండి

మన ప్రాంతంలో శాంపిల్‌కు అన్నిటికంటే పెద్ద గండి ఇదే అంటాను. నాలుగో భాగంలో మీ 15 పేర్లూ ఇలా తేలాయనుకుందాం: తొమ్మిదిమందితో మాట్లాడారు, ఒకరు మాట్లాడనన్నారు, ఒకరు మూడుసార్లు వెళ్ళినా దొరకలేదు, ఒకరు చనిపోయారు, ఒక అమ్మాయి పెళ్ళై వెళ్ళిపోయింది, ఇద్దరు హైదరాబాద్‌లో మేస్త్రీ పనిలో ఉన్నారు.

చనిపోయిన మనిషి లెక్కలోంచి పోతారు. పెళ్ళై వెళ్ళిన అమ్మాయి అత్తగారి ఊళ్ళో ఓటు రాయించుకుని ఉంటే ఆమె కూడా పోతుంది. ఇంకా ఇక్కడికే వచ్చి ఓటేస్తోందంటే మీ ఓటరే. మేస్త్రీ పనిలో ఉన్న ఇద్దరూ కచ్చితంగా మీ ఓటర్లే. 2024 మే 13న పోలింగ్‌కు ముందు హైదరాబాద్ నుంచి ఊళ్ళకు బయల్దేరిన బస్సులు, విజయవాడ హైవే మీద కార్ల బారులు గుర్తు తెచ్చుకోండి. ఊళ్ళో కనబడని ఈ మనుషులే పోలింగ్ రోజు లైన్లో నిలబడతారు. వాళ్ళను "అందుబాటులో లేరు" అని కొట్టేస్తే మీకు మిగిలేది ఊరు విడిచి వెళ్ళని జనం అభిప్రాయం. పాతికేళ్ళ మగపిల్లలు శాంపిల్‌లో సగానికి పడిపోతారు.

ఇంట్లోవాళ్ళను ఫోన్ నంబరు అడగండి. వాళ్ళచేతే ముందు ఫోన్ చేయించి "ఫలానా కాలేజీ పిల్లలు, మన ఇంట్లోనే ఉన్నారు, మాట్లాడు" అనిపిస్తే చాలామంది మాట్లాడతారు. రాత్రి ఎనిమిది తర్వాత చేయండి, పని దిగి ఉంటారు. ప్రశ్నలు కొన్ని తగ్గించినా పర్వాలేదు. ఫారం మీద "ఫోన్‌లో" అని గుర్తు పెట్టండి.

ప్రతి పేరుకూ ఏం జరిగిందో ఒక కాంటాక్ట్ షీట్‌లో రాయాలి: ఎన్నిసార్లు వెళ్ళారు, ఏ వేళకు, చివరికి ఏమైంది. పేర్లున్న ఆ షీట్‌నూ జవాబులున్న ఫారాలనూ కోడ్ నంబరుతో మాత్రమే కలిపి, విడిగా దాచండి. ఎవరు ఎవరికి ఓటేశారో ఊళ్ళో ఒక్కరికి తెలిసినా మీ తర్వాత వెళ్ళేవాళ్ళకు తలుపులు తెరుచుకోవు, ఆ మనిషికీ ఇబ్బంది.

పక్షపాతం వచ్చిందని ఎలా పట్టుకోవాలి

జాబితాలోంచి తీయడంలో ఒక గొప్ప లాభం ఉంది: మాట్లాడనివాళ్ళ వయసు, లింగం, ఇంటి నంబరు కూడా మీ దగ్గరున్నాయి. తీసిన 450నీ పూర్తయిన 300నీ పక్కపక్కన పెట్టండి. 30 ఏళ్ళలోపు మగవాళ్ళు 450లో 62 మంది ఉండి, 300లో 29 మందే ఉన్నారనుకుందాం. మొత్తం మీద మూడింట రెండువంతులు దొరికితే వీళ్ళు సగం కూడా దొరకలేదు. ఒక్కొక్కరికి 62ను 29తో భాగించి సుమారు 2.14 బరువు వేయొచ్చు, మిగతా గుంపులకూ అలాగే. కానీ ఆ 29 మంది ఊళ్ళో ఉన్నవాళ్ళు, దొరకని 33 మంది బయట ఉన్నవాళ్ళు. వీళ్ళు వాళ్ళలాగే ఆలోచిస్తారని ఒప్పుకున్నప్పుడే ఆ బరువుకు అర్థం. ఆ 33లో పదిమందికి ఫోన్ చేయడం ఏ వెయిట్ కంటే మేలు.

రెండో పరీక్ష ఫారం 20. అసెంబ్లీ ఎన్నికల తర్వాత పోలింగ్ కేంద్రాల వారీగా ఏ అభ్యర్థికి ఎన్ని ఓట్లు పడ్డాయో అందులో ఉంటుంది, ముఖ్య ఎన్నికల అధికారి వెబ్‌సైట్‌లోనే దొరుకుతుంది. మీ 30 కేంద్రాల అసలు ఓట్లు కూడి శాతాలు తీయండి. "గత ఎన్నికల్లో ఎవరికి ఓటేశారు" అన్న ప్రశ్నకు మీకొచ్చిన శాతాలు పక్కన పెట్టండి. గెలిచిన పార్టీ మీ లెక్కలో కొంచెం ఎక్కువ కనిపిస్తే కంగారు పడొద్దు. ఎన్నికల తర్వాత గెలిచినవాళ్ళకే వేశామని చెప్పేవాళ్ళు ప్రతిచోటా ఉంటారు. ఓటు వేశామని చెప్పేవాళ్ళు కూడా నిజంగా వేసినవాళ్ళకంటే ఎక్కువే ఉంటారు. కానీ ఓడిన పార్టీ మీ లెక్కలో బాగా పెరిగినా, ఒక వర్గంలో బలమున్న పార్టీ సగానికి పడిపోయినా, కాంటాక్ట్ షీట్లు తెరిచి ఏ వాడల్లో పేర్లు పూర్తి కాలేదో చూడండి. ఒక జాగ్రత్త: ఎన్నికల తర్వాత కేంద్రాలను విడదీసి, కలిపి ఉండొచ్చు. భాగం నంబరు ఒకటే అని నమ్మకుండా ఊరి పేరు, బడి పేరు సరిచూసుకోండి.

ఓటు ప్రశ్నను నోటితో అడగకండి. పార్టీల గుర్తులున్న చీటీ ఇచ్చి, మీరు అటు తిరిగి, వాళ్ళు గుర్తు పెట్టి మడిచి చిన్న డబ్బాలో వేసేలా చేయండి. చీటీ వెనక కోడ్ నంబరు ఉంటుందని ముందే చెప్పాలి, దాచకూడదు. చదువురాని పెద్దవాళ్ళు కూడా గుర్తు చూసి ముద్ర వేయగలరు.

మీ 612 ఫారాలు పారేయొద్దు

వాటితో శాతాలు రాయకూడదు కానీ ప్రశ్నపత్రం సరిచేసుకోవడానికి అవి బంగారం. "ఇతరములు" గడిలో జనం సొంతంగా రాసిన మాటలన్నీ చదవండి. మీరు పథకాలు, కులం, అభ్యర్థి అని మూడు పెట్టారు. వాళ్ళు "మా నాన్న చెప్పిన పార్టీ", "ఊరికి రోడ్డేశాడు", "పోయినసారి ఆయనకు వేశాం కదా" లాంటివి రాసి ఉంటారు. అవి కొత్త ఆప్షన్లు అవుతాయి. ఏ ప్రశ్న దగ్గర ఎక్కువమంది ఖాళీ వదిలారో చూడండి, ఆ వాక్యం మార్చాలి. అలా మార్చిన పత్రాన్ని లాటరీలో పడని ఏదైనా ఒక ఊళ్ళో పదిమంది దగ్గర అడిగి చూసి, ఆ తర్వాత నాలుగో భాగంలో 41వ వరుస సంఖ్య ఎదురుగా ఉన్న మనిషి ఇంటికి వెళ్ళండి.